ఒకే బిల్లులో మూడు పన్ను రేట్లు: ముందు రేటువారీగా మొత్తం, తర్వాతే జీఎస్టీ

బెంగళూరు అవెన్యూ రోడ్డులో స్టేషనరీ హోల్‌సేల్ దుకాణం నుంచి వెళ్ళే బిల్లు చూడండి. నోటుబుక్కుల మీద పన్ను లేదు. జామెట్రీ బాక్సుకు 5 శాతం, పెన్నుకు 18 శాతం. మూడూ ఒకే కాగితం మీద ఉంటాయి, చివర్లో పార్టీ అడిగిన డిస్కౌంటు కూడా ఉంటుంది. ఇలాంటి బిల్లులో ఒక్కో సరుకు పక్కన పన్ను కట్టి, ఆ పన్నులన్నీ కూడితే చాలా దుకాణాల్లో పని అయిపోయినట్టే. కానీ నెలాఖరున అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 నింపేటప్పుడు పుస్తకంలో ఉన్న పన్ను ఒకటి, పోర్టల్ లెక్కగట్టిన పన్ను ఇంకొకటి అవుతాయి. తేడా పైసల్లోనే ఉంటుంది. అయినా అది ఎక్కడిదో వెతకడానికి ఒక పూట పడుతుంది.

కారణం ఏమిటంటే, ఇన్వాయిస్‌లు ఎక్కించేచోట రిటర్ను సరుకులవారీగా పన్ను అడగదు. ఒక ఇన్వాయిస్‌లో 5 శాతం కింద టాక్సబుల్ విలువ ఎంత, 18 శాతం కింద ఎంత అని రేటువారీగా అడుగుతుంది. రిజిస్టరైన పార్టీల బిల్లులను ఎక్కించే ఆఫ్‌లైన్ టూల్ షీట్‌లో ఒక్కో రేటుకు ఒక్కో వరుస ఉంటుంది. అందులో రేటు, టాక్సబుల్ విలువ, సెస్సు గడులే తప్ప సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ రాసే గడి ఉండదు. పన్నును టూలే కట్టుకుంటుంది. కాబట్టి బిల్లు మీద కూడా అదే వరుసలో లెక్క నడిస్తే రెండూ ఒకచోటే ఆగుతాయి. ముందు ఒక్కో రేటు కింద టాక్సబుల్ విలువ కూడాలి, డిస్కౌంటు పంచాలి, తర్వాత రేటుకు ఒక్కసారే పన్ను కట్టాలి.

ఉదాహరణకు తీసుకున్న బిల్లు

దుకాణం అవెన్యూ రోడ్డులో ఉంది. కొనేది మారతహళ్ళి వైపు ఒక ప్రైవేటు స్కూలు, దానికి జీఎస్టీ నంబరు లేదు. రెండూ కర్ణాటకలోనే కాబట్టి పన్ను సగం సీజీఎస్టీగా, సగం ఎస్జీఎస్టీగా పడుతుంది. పట్టికలోని రేట్లు 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చినవి. ధరలన్నీ పన్ను కలపనివి.

| సరుకు | సంఖ్య | ధర | మొత్తం | రేటు |
|---|---|---|---|---|
| 200 పేజీల నోటుబుక్ | 360 | 38.50 | 13,860.00 | 0 |
| పెన్సిళ్ళ ప్యాకెట్ | 60 | 42.00 | 2,520.00 | 0 |
| జామెట్రీ బాక్సు | 75 | 68.75 | 5,156.25 | 5 |
| రంగుల బాక్సు | 48 | 57.30 | 2,750.40 | 5 |
| బాల్ పెన్ను | 250 | 6.35 | 1,587.50 | 18 |
| ఏ4 పేపర్ రీము | 35 | 214.45 | 7,505.75 | 18 |
| లెక్కల రిజిస్టరు | 18 | 91.15 | 1,640.70 | 18 |
| వైట్‌బోర్డు మార్కరు | 60 | 17.85 | 1,071.00 | 18 |

మొత్తం 36,091.60. దీని మీద 700 రూపాయలు తగ్గిస్తామని మాట అయింది.

మొదటి అడుగు: రేటు చూసి గుంపు కట్టడం

గుంపు కట్టేది రేటును బట్టి. సరుకు రకాన్ని చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడును బట్టి కాదు. ఈ బిల్లులోనే అందుకు కారణం కనిపిస్తుంది. నోటుబుక్కుదీ లెక్కల రిజిస్టరుదీ మొదటి నాలుగంకెలు ఒకటే, 4820. పిల్లలు రాసుకునే నోటుబుక్కుకు పన్ను సున్నా, రిజిస్టరుకు 18 శాతం. "4820 అంటే నిల్" అని ఐటమ్ మాస్టర్‌లో ఒకసారి ఎక్కించేస్తే ఆ రోజు నుంచి రిజిస్టర్లన్నీ పన్ను లేకుండా వెళ్తాయి. అలాగే ఏ4 పేపరు 2025 సెప్టెంబరు మార్పుల్లో 12 నుంచి 18కి పెరిగింది, జామెట్రీ బాక్సు 12 నుంచి 5కు తగ్గింది. పాత మాస్టర్‌ను అలాగే వాడుతున్న చోట ఇప్పటికీ 12 శాతం గుంపు ఒకటి కనిపిస్తుంటుంది. స్టేషనరీ బిల్లులో 12 కనబడితే ముందు అనుమానించాల్సింది మాస్టర్‌నే.

ఇప్పుడు కూడదాం. సున్నా గుంపులో 13,860.00, 2,520.00 కలిపి 16,380.00. 5 శాతం గుంపులో 5,156.25, 2,750.40 కలిపి 7,906.65. 18 శాతం గుంపులో నాలుగు వరుసలు కలిపి 11,804.95.

సున్నా గుంపును వదిలేయకండి. దాని మీద పన్ను లేకపోయినా డిస్కౌంటు పంచడానికి అది కావాలి, రిటర్నులో చూపడానికీ కావాలి.

మూడు గుంపుల మొత్తం 36,091.60 రావాలి, వచ్చింది. ఈ సరిచూపు లేకుండా ముందుకు వెళ్ళకూడదు. ఒక వరుసకు రేటు రాయడం మరిచిపోతే ఆ సరుకు ఏ గుంపులోనూ పడదు, దాని విలువ చప్పుడు లేకుండా జారిపోతుంది. అది బయటపడేది ఈ కూడికలోనే.

రెండో అడుగు: డిస్కౌంటును పంచడం

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానిద్దాం.

అమ్మేటప్పుడే ఇచ్చి, ఇన్వాయిస్ మీద చూపిన డిస్కౌంటును టాక్సబుల్ విలువలోంచి తీసేయవచ్చు. సీజీఎస్టీ చట్టం 15వ సెక్షన్ చెప్పేది అదే. ఈ 700 రూపాయలు ఏ ఒక్క సరుకు మీదో ఇచ్చింది కాదు, మొత్తం బిల్లు మీద ఇచ్చింది. కాబట్టి మూడు గుంపులకూ వాటి విలువ నిష్పత్తిలో పంచాలి.

సున్నా గుంపుకు: 700 × 16,380.00 ÷ 36,091.60 = 317.69
5 శాతానికి: 700 × 7,906.65 ÷ 36,091.60 = 153.35
18 శాతానికి: 700 × 11,804.95 ÷ 36,091.60 = 228.96

మూడూ కలిపితే సరిగ్గా 700.00. ప్రతిసారీ ఇలా కలిసిరాదు, ఒక పైసా అటో ఇటో మిగులుతుంది. అందుకని రెండు గుంపులకు నిష్పత్తి కట్టి, మూడోదానికి మిగిలినది ఇవ్వడం మంచి పద్ధతి. మిగులు తీసుకునే గుంపు సున్నా రేటుదైతే ఇంకా మేలు, ఆ పైసా వల్ల పన్ను కదలదు.

ఇలా పంచకుండా చేసే పనులు రెండున్నాయి. మొదటిది, 36,091.60 మీద పన్ను అంతా కట్టి చివరి మొత్తంలోంచి 700 తీసేయడం. అప్పుడు తగ్గించిన డబ్బు మీద కూడా పన్ను పడుతుంది. ఈ బిల్లులో 153.35 మీద 5 శాతం, 228.96 మీద 18 శాతం, రెండూ కలిపి 48 రూపాయల 88 పైసలు ఎక్కువ వసూలవుతుంది. ఎక్కువ కట్టాం కదా అని ఊరుకోవచ్చు గానీ, అది పార్టీ జేబులోంచి పోయిన డబ్బు.

రెండోది ఇంకా చెడ్డది. 700 మొత్తాన్నీ 18 శాతం గుంపులోంచే తీసేస్తారు. బిల్లు తగ్గుతుంది కాబట్టి పార్టీకీ బాగానే ఉంటుంది. కానీ 700 మీద 18 శాతం అంటే 126 రూపాయల పన్ను తగ్గుతుంది. తగ్గాల్సింది 48.88 మాత్రమే. మిగతా 77.12 తక్కువ కట్టిన పన్ను. ఒక బిల్లులో ఇది చిన్న మొత్తమే. అయితే సీజను మూడు నెలల్లో ప్రతి స్కూలు బిల్లుకూ ఇదే చేస్తే ఆడిట్‌లో రాసి చూపించడానికి సరిపడేంత అవుతుంది.

డిస్కౌంటు శాతంలో ఉంటే పంచే బాధ లేదు. ప్రతి గుంపులోంచి అదే శాతం తీసేస్తే సరిపోతుంది. అమ్మినవాడే వేసే ప్యాకింగు కూలి, ఆటో కిరాయిలాంటివి తగ్గింపుకు బదులు కూడింపు. వాటినీ ఇలాగే విలువ నిష్పత్తిలో గుంపులకు కలపాలి. "కిరాయి" అని కింద ఒక వరుస రాసి, పన్ను లేకుండా వదిలేయడం కుదరదు. సరుకుతో పాటు వసూలు చేసిన ఖర్చు సరుకు విలువలో భాగమే.

పంచిన తర్వాత గుంపుల విలువలు ఇలా నిలుస్తాయి: సున్నా కింద 16,062.31, 5 శాతం కింద 7,753.30, 18 శాతం కింద 11,575.99. మొత్తం 35,391.60. అంటే 36,091.60లో 700 పోగా మిగిలింది. ఇక్కడా సరిపోయింది.

మూడో అడుగు: గుంపుకు ఒకసారి పన్ను

5 శాతం గుంపుకు సీజీఎస్టీ 2.5 శాతం: 7,753.30 మీద 193.8325, పైసలకు సరిచేస్తే 193.83. ఎస్జీఎస్టీ కూడా 193.83.

18 శాతం గుంపుకు సీజీఎస్టీ 9 శాతం: 11,575.99 మీద 1,041.8391, అంటే 1,041.84. ఎస్జీఎస్టీ 1,041.84.

మొత్తం సీజీఎస్టీ 1,235.67, ఎస్జీఎస్టీ 1,235.67, రెండూ కలిపి 2,471.34.

ఇక్కడ ఒక క్రమం తప్పకూడదు. ముందు సగం రేటుతో సీజీఎస్టీ కట్టి, పైసలకు సరిచేసి, అదే అంకెను ఎస్జీఎస్టీ గడిలోనూ రాయాలి. 18 శాతం మొత్తం కట్టి రెండుగా చీల్చకూడదు. టాక్సబుల్ విలువ 100.05 అనుకోండి. 18 శాతం 18.009, అంటే 18.01. దాన్ని చీలిస్తే ఒకవైపు 9.01, ఇంకోవైపు 9.00 వస్తాయి. సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ రెండూ సమానంగా ఉండి తీరాలి. 9 శాతం కట్టి ఉంటే 9.0045, అంటే రెండువైపులా 9.00, గొడవ లేదు.

ఇదే సరుకు హిందూపురం దుకాణానికి వెళ్తే రాష్ట్రం మారుతుంది కాబట్టి ఐజీఎస్టీ పడుతుంది. అప్పుడు 7,753.30 మీద నేరుగా 5 శాతం, 387.665, అంటే 387.67. బెంగళూరు బిల్లులో ఇదే గుంపు మీద వచ్చింది 193.83 రెండుసార్లు, 387.66. ఒక పైసా తేడా. రెండూ సరైనవే. ఒకే కొటేషన్‌ను రెండు రాష్ట్రాల పార్టీలకు ఇచ్చి బిల్లులు పక్కపక్కన పెడితే ఈ పైసా కనబడుతుంది. దాన్ని "సరిచేయబోయి" పాడుచేయకండి.

నాలుగో అడుగు: రౌండాఫ్

35,391.60, 2,471.34 కలిపితే 37,862.94. దీనికి 6 పైసలు కలిపి 37,863.00 చేస్తాం. ఈ 6 పైసలు టాక్సబుల్ విలువలోకీ పోవు, పన్నులోకీ పోవు. బిల్లు మీద విడిగా ఒక వరుస, పుస్తకంలో విడిగా రౌండాఫ్ ఖాతా. బిల్లు మొత్తంలో రూపాయికి సరిచేయడం ఈ ఒక్కసారే జరగాలి.

సెక్షన్ 170 పన్నును దగ్గరి రూపాయికి సరిచేయమంటుంది, 50 పైసలు దాటినా, సరిగ్గా 50 అయినా పైకి. ఆ మాటను పట్టుకుని కొందరు ఒక్కో సరుకు పన్నునూ రూపాయికి సరిచేస్తారు. ఆ సెక్షన్ చెప్పేది చట్టం కింద కట్టాల్సిన పన్ను మొత్తం గురించి, బిల్లులో ఒక్కో పెన్ను గురించి కాదు. సరుకులవారీగా చేస్తే ఎంత చెడుతుందో కింద చూడండి.

సరుకులవారీగా కడితే ఎక్కడ జారుతుంది

ఒక చిల్లర బిల్లులో 18 శాతం సరుకులు 24 వరుసలు, ఒక్కోటి 17.50 అనుకుందాం. మొత్తం 420.00. ఒక్కసారే 9 శాతం కడితే 37.80. వరుసవారీగా కడితే ఒక్కోదానికి 1.575, పైసలకు సరిచేస్తే 1.58, ఇరవై నాలుగు కలిపితే 37.92. సీజీఎస్టీలో 12 పైసలు, ఎస్జీఎస్టీలో 12 పైసలు, కలిపి 24 పైసలు ఎక్కువ. అదే ప్రతి వరుసనూ రూపాయికి సరిచేసి ఉంటే 2 రూపాయల చొప్పున 48.00, పది రూపాయల పైనే తేడా.

వరుసకు గరిష్ఠంగా అర పైసా జారుతుంది. అది ఒక్కోసారి పైకి, ఒక్కోసారి కిందికి పోయి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది కాబట్టి మామూలు బిల్లుల్లో కనబడదు. ఒకే ధర ఉన్న సరుకులు ఎక్కువ వరుసలుగా వచ్చినప్పుడు మాత్రం అన్నీ ఒకవైపే జారతాయి. స్టేషనరీలో ఒకే ధర, వేరే రంగు అన్నట్టు రాసే వరుసలు చాలా ఉంటాయి కనుక ఈ తేడా ఇక్కడ తరచుగా తగులుతుంది.

మన స్కూలు బిల్లులో కూడా ఒక జారుడు ఉంది. జామెట్రీ బాక్సుల వరుసకు డిస్కౌంటు పోను 5,056.24, రంగుల బాక్సులకు 2,697.06. వీటి మీద విడివిడిగా 2.5 శాతం కడితే 126.41, 67.43, మొత్తం 193.84. గుంపు లెక్కలో వచ్చింది 193.83. రెండు వరుసలకే ఒక పైసా.

ఎక్సెల్‌లో పెట్టుకునే తీరు

సరుకుల పట్టికను A నుంచి E గడుల వరకు పెట్టండి: పేరు, సంఖ్య, ధర, మొత్తం, రేటు. రేటును 0, 5, 18 అని అంకెలుగానే రాయండి, శాతం గుర్తు వద్దు. పక్కన G2 నుంచి G4 వరకు ఆ మూడు రేట్లు, G7లో డిస్కౌంటు.

```
D2: =ROUND(B2*C2,2)
H2: =SUMIF($E$2:$E$9,G2,$D$2:$D$9)
H5: =SUM(D2:D9)
I3: =ROUND($G$7*H3/$H$5,2)
I2: =G7-I3-I4
J2: =ROUND(H2-I2,2)
K2: =ROUND(J2*G2/200,2)
L2: =K2
```

D2ను D9 వరకు, H, J, K, L సూత్రాలను మూడు గుంపుల వరుసలకూ కిందికి లాగండి. I3ని I4కు మాత్రమే లాగాలి. I2 సున్నా గుంపుది, మిగిలిన డిస్కౌంటు తీసుకుంటుంది. 200తో భాగించడం సగం రేటు కోసం.

H5ను గుంపుల కూడికగా కాకుండా సరుకుల వరుసల నుంచి నేరుగా తీసుకున్నది కావాలనే. H2, H3, H4 కూడి H5తో పోల్చండి. సమానం కాకపోతే ఏదో వరుసలో రేటు ఖాళీగా ఉంది, లేదా పాత 12 మిగిలి ఉంది. రేటు గడి ఖాళీగా ఉంటే SUMIF దాన్ని సున్నాగా లెక్కించదు, అసలు ఏ గుంపులోనూ చేర్చదు. నిల్ సరుకే కదా అని ఖాళీ వదిలేసే అలవాటు ఉన్నవాళ్ళకు మొదటి రోజే ఈ తేడా ఎదురవుతుంది. ROUND ఎందుకంటే, గడిని రెండు దశాంశాలకు చూపించేలా ఫార్మాట్ చేస్తే అంకె మారదు, కనబడే తీరే మారుతుంది. లోపల 193.8325 అలాగే ఉండి కూడికలో పైసా తప్పుతుంది.

పన్ను కలిపిన ధరలైతే

కొన్ని ధరల పట్టికలు పన్ను కలిపి ఉంటాయి. అప్పుడు కూడా గుంపే ముందు. పన్ను కలిపిన మొత్తాలను రేటువారీగా కూడి, గుంపుకు ఒక్కసారి భాగించండి: 18 శాతానికి 1.18తో, 5 శాతానికి 1.05తో. 1,250 రూపాయల గుంపు 1.18తో భాగిస్తే టాక్సబుల్ విలువ 1,059.32, సీజీఎస్టీ 95.34, ఎస్జీఎస్టీ 95.34, తిరిగి కూడితే 1,250.00.

భాగించకుండా 18 శాతం తీసేయడం పాత తప్పు. 118 రూపాయల సరుకులో అసలు విలువ 100. 18 శాతం తీసేస్తే 96.76 వస్తుంది, టాక్సబుల్ విలువ తగ్గిపోతుంది. సరిగ్గా భాగించినా ఒక్కోసారి తిరుగు కూడికలో పైసా ఎక్కువ వస్తుంది. 500 రూపాయల గుంపులో 423.73, 38.14, 38.14 కలిపితే 500.01. పార్టీ ఇచ్చేది 500 కాబట్టి ఆ పైసాను రౌండాఫ్‌లో తీసేయండి, పన్నులో వేలు పెట్టకండి.

ఈ పద్ధతి పనికిరాని చోట

సరుకులకు విడివిడి ధరలు ఉన్నప్పుడే రేటువారీ గుంపులు. రెండు నోటుబుక్కులు, ఒక జామెట్రీ బాక్సు, ఒక పెన్ను ఒక సంచిలో వేసి "స్కూల్ కిట్ 299" అని ఒకే ధరకు అమ్మితే లెక్క మారుతుంది. అవి ఒకదానికొకటి సహజంగా జతపడేవి కావు, విడిగానూ అమ్మగలిగేవి. చట్టం దీన్ని మిక్స్‌డ్ సప్లై అంటుంది. అప్పుడు అందులో ఎక్కువ రేటున్న సరుకు రేటే మొత్తానికి పడుతుంది. పెన్ను వల్ల నోటుబుక్కుల మీదా 18 శాతం. కిట్ అమ్మాలనుకుంటే బిల్లు మీద ఒక్కో సరుకునూ దాని ధరతో విడిగా రాయడం, పార్టీ విడిగా కొనుక్కునే వీలు నిజంగా ఉంచడం దీనికి దారి. కాగితం మీద విడదీసి, అమ్మేది మాత్రం ఒకే సంచిగా ఒకే ధరకైతే అది నిలవదు.

పార్టీకి జీఎస్టీ నంబరు ఉంటే

స్కూలుకు నంబరు లేదు కాబట్టి పన్ను పడేవీ పడనివీ ఒకే ఇన్వాయిస్ కమ్ బిల్ ఆఫ్ సప్లైలో ఇవ్వడానికి 46ఏ నియమం ఒప్పుకుంటుంది. అందులో 5, 18 శాతం విలువలు జీఎస్టీఆర్-1 ఏడో పట్టికలో ఆ నెల మిగతా చిల్లర బిల్లులతో కలిసి రేటువారీగా వెళ్తాయి, 16,062.31 నిల్ సరఫరాల పట్టికలోకి వెళ్తుంది.

రిజిస్టరైన దుకాణానికి అమ్మితే ఆ వెసులుబాటు లేదు. నోటుబుక్కులకు, పెన్సిళ్ళకు బిల్ ఆఫ్ సప్లై, మిగతావాటికి టాక్స్ ఇన్వాయిస్. అప్పుడు కూడా డిస్కౌంటు రెండు కాగితాల మధ్య పంచిన ప్రకారమే పోవాలి: మొదటిదాంట్లో 317.69, రెండోదాంట్లో 382.31. 700 మొత్తాన్నీ టాక్స్ ఇన్వాయిస్‌లో చూపితే రెండో అడుగులో చెప్పిన తప్పే వేరే రూపంలో తిరిగొస్తుంది.

5 కోట్లు దాటిన టర్నోవరు ఉన్న దుకాణం రిజిస్టరైన పార్టీలకు ఈ-ఇన్వాయిస్ తీయాలి. అక్కడ ప్రతి వరుసకూ పన్ను విడిగా పంపక తప్పదు. అలాంటప్పుడు గుంపు లెక్కనే ప్రమాణంగా పెట్టుకుని, వరుసల పన్ను కూడినప్పుడు వచ్చే పైసా తేడాను ఆ గుంపులో పెద్ద వరుస మీద సరిపెట్టండి. మన బిల్లులో జామెట్రీ బాక్సుల సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ రెండింట్లోనూ 126.41కి బదులు 126.40 రాస్తే వరుసల కూడిక కూడా 193.83 అవుతుంది. వరుసకు ఒక పైసా మార్పు వల్ల పోర్టల్ బిల్లును వెనక్కి పంపదు.

సరుకు తిరిగొస్తే

గుంపు మొత్తాలు కట్టాక వరుసవారీ డిస్కౌంటును పారేయకండి. బిల్లు ప్రింటులో కనబడకపోయినా సిస్టమ్‌లో ఉండాలి. స్కూలు పది జామెట్రీ బాక్సులు వెనక్కి పంపిందనుకోండి. క్రెడిట్ నోటు 68.75 చొప్పున 687.50కి రాస్తే తప్పు, ఆ ధర డిస్కౌంటుకు ముందుది. పన్ను కట్టిన విలువ 75 బాక్సులకు 5,056.24. దాంట్లో పదింటి వాటా 674.17. దాని మీద సీజీఎస్టీ 16.85, ఎస్జీఎస్టీ 16.85, క్రెడిట్ నోటు మొత్తం 707.87. 687.50 మీద రాస్తే 13 రూపాయల 33 పైసల డిస్కౌంటు రెండోసారి ఇచ్చినట్టు అవుతుంది. వసూలు చేసినదానికంటే ఎక్కువ పన్ను వెనక్కి చూపినట్టూ అవుతుంది.